ప్రొడక్షన్ నుంచి సప్లై చైన్ ప్లానింగ్‌కి మారేవాళ్లు కవర్ లెటర్ ఎలా రాయాలి

"అన్నా, ఐదేళ్లుగా షాప్ ఫ్లోర్‌లో ఉన్నా, ప్లానింగ్ పోస్టులకి అప్లై చేస్తే ఒక్క కాల్ కూడా రావట్లేదు, కవర్ లెటర్ ఒకసారి చూడవా" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. వచ్చిన లెటర్లు చదివితే దాదాపు అన్నింటిలో ఒకటే ఇబ్బంది. రాసినవాళ్లకి పని వచ్చు, చేసింది కూడా మంచి పనే, కానీ లెటర్ మొత్తం మెషిన్ గురించే ఉంది. చదివే ప్లానింగ్ మేనేజర్‌కి కావాల్సింది తేదీ, పరిమాణం, స్టాక్. ఆ మూడూ ఎక్కడా లేవు.

నేను ప్రెస్ షాప్‌లో ఆరేళ్లు చేసి మెటీరియల్ ప్లానింగ్‌కి మారాను. ఇప్పుడు మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు లెటర్లు చదివేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఆటో విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఉదాహరణతోనే ఉంటుంది. ఫార్మాలో, ఫుడ్‌లో ఉన్నవాళ్లు పార్టు పేర్లు మార్చుకుంటే చాలు, లెక్క అదే.

## 1. ముందు ఏ ప్లానింగ్ అన్నది తేల్చుకోండి

ప్రకటనలో "సప్లై చైన్ ప్లానర్" అని ఒకే పేరు ఉన్నా లోపల పనులు వేరు. డిమాండ్ ప్లానర్ వచ్చే నెలల్లో ఎంత అమ్ముడవుతుందో అంచనా వేస్తాడు, రోజంతా సేల్స్ వాళ్లతో ఉంటాడు. ప్రొడక్షన్ ప్లానర్ ఏ లైన్ మీద ఏ పార్టు ఎప్పుడు నడవాలో చెబుతాడు, మన దగ్గర చాలా ఫ్యాక్టరీల్లో దీన్నే పీపీసీ అంటారు. మెటీరియల్ ప్లానర్ ఆ ప్లాన్‌కి కావాల్సిన ముడిసరుకు, కొనుగోలు విడిభాగాలు ఎప్పుడు ఎంత రావాలో చూసి సప్లయర్లకి షెడ్యూల్ ఇస్తాడు.

షాప్ ఫ్లోర్ నుంచి వచ్చేవాళ్లకి రెండోది, మూడోది దగ్గర దారి. డిమాండ్ ప్లానింగ్‌కి నేరుగా అప్లై చేయొద్దని అనను గానీ, ఆ లెటర్‌కి మీ దగ్గర ఆధారాలు తక్కువ ఉంటాయి. అమ్మకాల లెక్కలు ఎప్పుడూ చూడని మనిషి అంచనాల గురించి రాస్తే చదివేవాళ్లు వెంటనే పట్టేస్తారు.

ప్రకటన చదివేటప్పుడు పోస్టు పేరు వదిలేసి కింద బాధ్యతల్లో వాడిన పదాలు చూడండి. "ఫోర్‌కాస్ట్" పదే పదే వస్తే డిమాండ్ వైపు. "షెడ్యూల్, కెపాసిటీ, లైన్" వస్తే ప్రొడక్షన్ ప్లానింగ్. "ఎంఆర్‌పీ, సప్లయర్ ఫాలో అప్, ఇన్వెంటరీ" వస్తే మెటీరియల్. ఇక్కడ ఎంఆర్‌పీ అంటే ప్యాకెట్ మీది ధర కాదు, మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్. లెటర్ రాసేది దానికే, మిగతా రెండూ కదపకండి.

## 2. రాయడం మొదలుపెట్టే ముందు తెచ్చుకోవాల్సినవి

ఖాళీ పేజీ ముందు కూర్చుంటే "హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" తప్ప ఏమీ రాదు. ఒక సాయంత్రం మీ పాత షిఫ్ట్ రిపోర్టులు, మెయిల్స్ ముందు పెట్టుకుని ఈ వివరాలు కాగితం మీద రాసుకోండి.

- మీ లైన్‌లో ఎన్ని పార్టులు నడుస్తాయి, ఒక్కోదానికి రోజుకి ఎంత కావాలి
- బ్యాచ్ సైజు ఎంత, అంత అని ఎవరు నిర్ణయించారు
- డై చేంజ్‌కి లేదా సెటప్‌కి ఎంత సమయం పడుతుంది, మొదట్లో ఎంత పట్టేది
- మెటీరియల్ లేక లైన్ ఆగిన రోజు ఒకటి, ఆరోజు మీరు ఏం నిర్ణయం తీసుకున్నారు
- ప్లాన్‌లో ఇచ్చిన వరసను మీరు మార్చిన సందర్భం ఒకటి, ఎందుకు మార్చారు
- సిస్టమ్‌లో మీరు నిజంగా తెరిచే స్క్రీన్లు

చివరిదాని గురించి ఒక మాట. చాలామంది "SAP సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను" అని రాస్తారు. ఇంటర్వ్యూలో అడిగితే రోజూ CO11Nలో ఎన్ని పీసులు అయ్యాయో నమోదు చేయడం వరకే తెలుసు అంటారు. అది తప్పేమీ కాదు, కానీ ప్లానర్ పని ఎక్కువగా MD04 మీద ఉంటుంది. ఒక పార్టుకి ఇప్పుడు స్టాక్ ఎంత ఉంది, ఏ తేదీకి ఎంత రావాలి, ఏ తేదీకి ఎంత పోవాలి అన్నది ఆ స్క్రీన్‌లో వరసగా కనిపిస్తుంది. మీ లాగిన్‌కి దాన్ని చూసే అనుమతి లేకపోతే మీ ఫ్యాక్టరీ ప్లానర్ పక్కన భోజనం తర్వాత ఓ అరగంట కూర్చోండి. రెండు మూడు వారాలు అలా చేసి మీ లైన్ పార్టులు అక్కడ ఎలా కనిపిస్తున్నాయో చూస్తే, లెటర్‌లో నిజాయితీగా ఒక వాక్యం రాయగలుగుతారు.

## 3. మెషిన్ మాటను స్టాక్ మాటగా మార్చడం

అసలు పని ఇక్కడే ఉంది, దీనికి సమయం పెట్టండి.

ఒక కేసు తీసుకుందాం. ఒక ప్రెస్ మీద 6 పార్టులు నడుస్తాయి. ఒక్కోటి రోజుకి 500 కావాలి, అంటే రోజుకి మొత్తం 3,000 స్ట్రోకులు. నిమిషానికి 5 స్ట్రోకుల చొప్పున వీటికి 600 నిమిషాలు పడతాయి. రెండు షిఫ్టుల్లో బ్రేకులు తీసేస్తే చేతిలో ఉండేది 900 నిమిషాలు. మిగిలిన 300లో బ్రేక్‌డౌన్లకి, కాయిల్ లోడింగ్‌కి, మొదటి పీసు చెకింగ్‌కి 120 పోతాయనుకుంటే డై చేంజ్‌కి మిగిలేది రోజుకి 180 నిమిషాలు.

మొదట్లో ఒక్కో డై చేంజ్‌కి 90 నిమిషాలు పట్టేది. అంటే రోజుకి రెండే. ఆరు పార్టులూ ఒక చుట్టు తిరిగి రావడానికి 3 రోజులు. కాబట్టి ప్రతి పార్టూ ఒకేసారి 3 రోజులకి సరిపడా, అంటే 1,500 చేసి పెట్టుకోవాలి. తర్వాత మీరు కూర్చుని, ప్రెస్ ఆపకముందే చేయగలిగే పనులన్నీ ముందే పూర్తిచేసేలా పద్ధతి మార్చి దాన్ని 45 నిమిషాలకి తెచ్చారు. ఇప్పుడు రోజుకి నాలుగు మార్పులు చేయొచ్చు. చుట్టు ఒకటిన్నర రోజులో పూర్తవుతుంది. బ్యాచ్ 750కి దిగుతుంది.

ప్రొడక్షన్ మనిషి దీన్ని లెటర్‌లో ఇలా రాస్తాడు: "డై చేంజ్ టైమ్ 90 నిమిషాల నుంచి 45 నిమిషాలకి తగ్గించాను." మంచిదే. కానీ ప్లానర్‌కి ఇది సగం కథ. అతనికి కావాల్సింది తర్వాతి మెట్టు. స్టాక్ సుమారుగా బ్యాచ్‌లో సగం చొప్పున ఉంటుందనుకుంటే ఒక్కో పార్టుకి 750 నుంచి 375కి దిగింది, ఆరు పార్టులకి కలిపి 2,250 పీసులు తగ్గాయి. పీసు ఖరీదు 220 రూపాయలైతే దాదాపు 4 లక్షల 95 వేల సరుకు గోడౌన్‌లో కూర్చోవడం మానింది. దానికంటే ముఖ్యం, కస్టమర్ అకస్మాత్తుగా పార్టు మార్చి అడిగితే అది మళ్లీ ప్రెస్ మీదికి రావడానికి 3 రోజులు ఆగక్కర్లేదు, ఒకటిన్నర రోజులో వస్తుంది.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. డై చేంజ్ టైమ్ తగ్గింది కానీ బ్యాచ్ సైజు ఎవరూ మార్చలేదు, పాత 1,500 అలాగే నడుస్తోంది అనుకోండి. అప్పుడు స్టాక్ ఒక్క పీసు కూడా తగ్గదు. మిగిలిన సమయంలో ప్రెస్ ఖాళీగా ఉంటుంది, లేదా ఇంకో పార్టు నడుస్తుంది. మీ కేసులో నిజంగా ఏమైందో అదే రాయండి. "మిగిలిన సమయంలో బయట జాబ్‌వర్క్‌కి ఇచ్చే పార్టును లోపలికి తెచ్చాం" అన్నా అది ప్లానింగ్ ఫలితమే. స్టాక్ తగ్గిందని ఊరికే రాస్తే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "బ్యాచ్ సైజు ఎవరు మార్చారు?" అనే ఉంటుంది. నేనైతే అదే అడుగుతాను.

మీ దగ్గరున్న ప్రతి విజయానికీ ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి.

- దీనివల్ల ఏ తేదీ ముందుకి వచ్చింది, లేదా ఏ తేదీ తప్పిపోకుండా నిలిచింది?
- ఎంత పరిమాణం మారింది?
- స్టాక్ పెరిగిందా, తగ్గిందా, ఎక్కడ?

మూడింటిలో ఒక్కదానికీ జవాబు రాకపోతే ఆ విజయం రెజ్యూమేలో ఉండనివ్వండి, లెటర్‌లోకి తేవద్దు.

## 4. షార్టేజ్ రోజు కథ ఒకటి ఎంచుకోండి

లెక్కల కేసు ఒకటి, నిర్ణయం కేసు ఒకటి. లెటర్‌కి ఈ రెండూ చాలు.

నిర్ణయం కేసు అంటే ఇలాంటిది. కాయిల్ లారీ రెండు రోజులు ఆలస్యమని ఫోన్ వచ్చింది. చేతిలో 1 టన్ను ఉంది. ఆ కాయిల్‌తో రెండు పార్టులు చేస్తారు, ఒక్కో పీసుకి కిలో చొప్పున పడుతుంది, కాబట్టి వచ్చేది మొత్తం 1,000 పీసులు. మొదటి పార్టు తయారైన స్టాక్ 3 రోజులకి ఉంది, రెండోది పూటకి మాత్రమే ఉంది. షెడ్యూల్ ప్రకారం ముందు నడవాల్సింది మొదటి పార్టు. దాన్నే నడిపితే రేపు మధ్యాహ్నానికి కస్టమర్ లైన్ ఆగుతుంది. మీరు వరస మార్చి కాయిల్ మొత్తం రెండో పార్టుకి పెట్టారు. రోజుకి 500 చొప్పున, ఉన్న పూట స్టాక్‌తో కలిపి దానికి రెండున్నర రోజులు వచ్చింది, మొదటిదానికి 3 రోజులు ఎలాగూ ఉంది, లారీ వచ్చేదాకా రెండూ నిలిచాయి.

ప్లానర్ రోజూ చేసే పని సరిగ్గా ఇదే. షిఫ్ట్ ఇన్‌చార్జిగా మీరు దీన్ని పదిసార్లు చేసి ఉంటారు, కానీ దీన్ని "ప్రొడక్షన్ అడ్జస్ట్‌మెంట్" అనుకుని మర్చిపోయి ఉంటారు. గుర్తుచేసుకోండి. ఆ నిర్ణయం మీరే తీసుకున్నారా, ప్లానర్‌కి చెప్పి ఒప్పించారా అన్నది కూడా స్పష్టంగా రాయండి. "ప్లానర్‌తో మాట్లాడి వరస మార్పించాను" అనడం "నేనే మార్చేశాను" అనడం కంటే మంచిగా వినిపిస్తుంది, ఎందుకంటే చదివేది ప్లానింగ్ మేనేజర్. తన ప్లాన్‌ని చెప్పకుండా మార్చే సూపర్‌వైజర్లతో అతను రోజూ వేగుతుంటాడు.

## 5. పేరాల వరస

మొత్తం ఒక పేజీ, ఇంగ్లీషులో 250 నుంచి 300 పదాలు. నాలుగు పేరాలు.

మొదటి పేరా: ఏ పోస్టు, మీరు ఇప్పుడు ఏం చేస్తున్నారు, ప్లానింగ్‌కి దగ్గరగా మీరు చేస్తున్న పని ఒక్కటి. రెండు మూడు వాక్యాలు. "మీ ప్రకటన చూసి ఎంతో సంతోషించి" లాంటివి వద్దు.

రెండో పేరా: లెక్కల కేసు. అంకెలతో, స్టాక్ లేదా తేదీ దగ్గర ముగియాలి.

మూడో పేరా: నిర్ణయం కేసు, ఆ తర్వాత ఎందుకు మారాలనుకుంటున్నారో ఒక వాక్యం. ఈ కారణం కేసులోంచే పుట్టాలి. "ఇలాంటి షార్టేజ్ రాత్రి షిఫ్టులో తెలిసేకంటే మూడు వారాల ముందే కనిపించే చోట పనిచేయాలని ఉంది" అంటే నమ్ముతారు. షిఫ్టులతో అలసిపోయాను, ఫ్లోర్‌లో ఎదుగుదల లేదు అన్నవి నిజమే అయినా ఇక్కడ రాయకండి.

నాలుగో పేరా: మీకు రానిది ఏమిటి, దానికి ఏం చేస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత. రానిది దాచకండి. సప్లయర్‌కి షెడ్యూల్ ఇచ్చిన అనుభవం లేదని మీ రెజ్యూమే చూస్తేనే తెలుస్తుంది. మీరే చెప్పి, పక్కనే మీరు చేస్తున్నది చెబితే ఆ ప్రశ్న సగం తీరుతుంది. ఏపీఐసీఎస్ సర్టిఫికెట్, అంటే ఇప్పుడు ఏఎస్‌సీఎం ఇస్తున్నది, చదువుతుంటే ఎంతవరకు వచ్చిందో రాయండి. చేరాలనుకుంటున్నాను అని మాత్రం రాయొద్దు.

ఫీజు కట్టలేకపోతే ఇంకో దారి ఉంది. మీ లైన్‌లోని ఒక పార్టు తీసుకుని ఎక్సెల్‌లో 8 వారాల ప్లాన్ చేయండి. A కాలమ్‌లో వారం, Bలో కావాల్సింది, Cలో రావాల్సింది, Dలో మిగిలే స్టాక్. మొదటి వారానికి ముందున్న స్టాక్‌ని D2లో పెడితే మిగిలే స్టాక్‌కి D3లో ఫార్ములా ఇంతే:

```
=D2+C3-B3
```

B3 ఆ వారం కావాల్సింది, C3 ఆ వారం వచ్చేది. దీన్ని కిందికి లాగితే ఏ వారం స్టాక్ సున్నా కిందికి వెళ్తుందో కనిపిస్తుంది. లీడ్ టైమ్ 3 వారాలైతే ఆర్డర్ దానికి 3 వారాల ముందు పడాలి. రెండు నెలలు వారం వారం దీన్ని మీ ప్లానర్ అంకెలతో పోల్చి చూశాను అని లెటర్‌లో రాస్తే, చాలా సర్టిఫికెట్ల కంటే నేను దాన్నే ఎక్కువ పట్టించుకుంటాను.

## 6. నమూనా

పంపేది ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో పెడుతున్నది విషయం ఏ వరసలో నడవాలో చూడ్డానికి. పటాన్‌చెరులో ప్రెస్ షాప్‌లో పనిచేసే ఇంజనీర్, శ్రీసిటీలో మెటీరియల్ ప్లానర్ పోస్టుకి రాస్తున్నట్టు అనుకుందాం.

> నమస్కారం,
>
> మీ శ్రీసిటీ ప్లాంట్‌లోని మెటీరియల్ ప్లానర్ పోస్టుకి దరఖాస్తు చేస్తున్నాను. మెకానికల్ ఇంజనీర్‌ని, ఐదేళ్లుగా పటాన్‌చెరులో ఒక ఆటో విడిభాగాల ప్రెస్ షాప్‌లో ప్రొడక్షన్ చూస్తున్నాను. గత రెండేళ్లుగా ప్లానర్ ఇచ్చే వారపు షెడ్యూల్‌ని రోజువారీ వరసగా మార్చే పని నాదే.
>
> మా ప్రెస్ మీద ఆరు పార్టులు నడుస్తాయి. డై చేంజ్ సమయం 90 నిమిషాల నుంచి 45కి తగ్గాక, ప్లానర్‌తో కలిసి బ్యాచ్‌ని మూడు రోజుల అవసరం నుంచి ఒకటిన్నర రోజుకి తగ్గించాం. ఆరు పార్టుల సగటు స్టాక్ సుమారు 4,500 నుంచి 2,250 పీసులకి దిగింది. ఆ తర్వాత ఆరు నెలల్లో బ్యాచ్ చిన్నదవడం వల్ల డిస్పాచ్ ఆగిన రోజు ఒక్కటి కూడా లేదు.
>
> ఒకసారి కాయిల్ రెండు రోజులు ఆలస్యమైనప్పుడు, రెండు పార్టుల తయారైన స్టాక్ పోల్చి, ఉన్న కాయిల్ మొత్తం పూట స్టాక్ మాత్రమే ఉన్న పార్టుకి కేటాయించాలని ప్లానర్‌కి సూచించాను. కస్టమర్ లైన్ ఆగలేదు. ఆ ఆలస్యం సప్లయర్ దగ్గర వారం ముందే తెలుసని తర్వాత తేలింది. అలాంటి సమాచారం ముందుగా పట్టుకుని పనిచేసే చోటికి రావాలన్నదే ఈ మార్పుకి కారణం.
>
> సప్లయర్లకి నేరుగా షెడ్యూల్ ఇచ్చిన అనుభవం నాకు లేదు. MD04లో మా లైన్ పార్టుల స్టాక్, అవసరాలు చూడటం అలవాటు చేసుకున్నాను, రెండు నెలలుగా ఒక పార్టుకి 8 వారాల ప్లాన్ ఎక్సెల్‌లో సొంతంగా వేసి అసలు ప్లాన్‌తో పోల్చుకుంటున్నాను. నోటీస్ పీరియడ్ 60 రోజులు. ఇంటర్వ్యూకి ఆ ఫైల్ తీసుకురాగలను.

ఆ ఫైల్‌లో పార్టు పేరు, కస్టమర్ పేరు, ధర తీసేసి కోడ్‌గా పెట్టుకోండి. లెటర్‌లో కూడా రూపాయలు రాయకుండా పీసులు, రోజుల్లోనే చెప్పానని గమనించండి. ఇప్పటి కంపెనీ ధరలు బయటపెట్టే మనిషి రేపు మన ధరలు కూడా బయటపెడతాడని అవతలివాళ్లు అనుకుంటారు, అది న్యాయమే.

## 7. తరచూ కనిపించే తప్పులు, సరిచేసే తీరు

ఓఈఈ చుట్టూ లెటర్ తిరగడం. "ఓఈఈ 68 నుంచి 79 శాతానికి" అన్నది మెయింటెనెన్స్ పోస్టుకి బాగుంటుంది. ప్లానర్ అడిగేది, పెరిగిన సమయంలో కావాల్సిన పార్టు చేశారా, అక్కర్లేనిది చేసి గోడౌన్ నింపారా అని. అవసరం లేని పార్టు ఎక్కువ చేసినా ఓఈఈ పెరుగుతుంది. దాని బదులు షెడ్యూల్ ప్రకారం ఎంత శాతం నడిచిందో రాయండి. ఆ లెక్క మీ దగ్గర లేకపోతే ఒక నెల షిఫ్ట్ రిపోర్టులు, ప్లాన్ షీట్లు పక్కపక్కన పెట్టి మీరే తీయొచ్చు, ఓ ఆదివారం పని.

ప్లానింగ్ వాళ్లని తప్పుపట్టడం. "సరైన ప్లాన్ లేకపోవడం వల్ల లైన్ ఆగేది, నేను వస్తే సరిచేస్తాను" అనే అర్థం వచ్చేలా రాసినవాళ్లు ఉన్నారు. ఆ వాక్యాన్ని "ప్లాన్‌కి, ఫ్లోర్‌కి తేడా వచ్చినప్పుడు కారణం ఇది అని ప్లానర్‌కి రోజూ సాయంత్రం పంపేవాణ్ణి" అని మార్చండి. అలా పంపకపోతే రేపటి నుంచి పంపడం మొదలుపెట్టండి, నెల తర్వాత రాయండి.

రెజ్యూమేనే పేరాలుగా రాయడం. కాలేజీ, పర్సంటేజీ, ట్రైనింగ్‌లు అన్నీ మళ్లీ వస్తాయి. లెటర్‌లో రెండు కేసులకి మించి ఉంటే కొట్టేయండి.

అందరికీ ఒకే లెటర్. పేరు మార్చడం మర్చిపోయి వేరే కంపెనీ పేరుతో వచ్చినవి చూశాను. లెటర్ మొత్తం మార్చక్కర్లేదు, మొదటి పేరా, నాలుగో పేరా ఆ ప్రకటనకి తగ్గట్టు తిరగరాస్తే సరిపోతుంది. ప్రకటనలో దిగుమతి విడిభాగాలు అని ఉంటే మీ కాయిల్ కథలో లీడ్ టైమ్ గురించి ఇంకో వాక్యం చేర్చండి.

## 8. పంపే ముందు, పంపాక

- సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, జాబ్ ఐడీ, అనుభవం, నోటీస్ పీరియడ్
- లెటర్ మెయిల్ బాడీలోనే ఉండాలి, రెజ్యూమే పీడీఎఫ్‌గా అటాచ్ చేయాలి
- ఫైల్ పేరులో మీ పేరు, పోస్టు ఉండాలి, "ఫైనల్ 3" ఉండకూడదు
- లెటర్‌లో ఉన్న ప్రతి అంకె రెజ్యూమేలో కూడా అదే అంకెగా ఉండాలి
- ఆఫీస్ మెయిల్ ఐడీ నుంచి, ఆఫీస్ ల్యాప్‌టాప్ నుంచి పంపొద్దు
- ఫ్లోర్‌లో పనిచేసే స్నేహితుడికి కాకుండా స్టోర్స్‌లోనో పర్చేజ్‌లోనో ఉన్నవాళ్లకి ఒకసారి చదవమని ఇవ్వండి, వాళ్లకి అర్థం కాని వాక్యం ఏదో అది మార్చండి

పంపాక పది రోజుల దాకా జవాబు లేకపోతే అదే మెయిల్‌కి రిప్లైగా రెండు వాక్యాలు చాలు. పోస్టు ఇంకా ఖాళీగా ఉందా అని ఒకటి, ఈలోపు మీ ఎక్సెల్ ప్లాన్‌లో కొత్తగా గమనించింది ఏదైనా ఉంటే అది రెండోది. దానికీ జవాబు రాకపోతే ఆ కంపెనీని వదిలేసి తర్వాతి ప్రకటనకి మొదటి పేరా తిరగరాయండి.